ఫారం అడుగున ఉన్న నాలుగు లైన్లు



మన పిల్లలు పరీక్షలో పోవడం లేదు. రాత పరీక్ష పాసై, పరుగు పాసై, మెడికల్ పాసై, ఆఖరి రోజు సర్టిఫికెట్లు చూసే టేబుల్ దగ్గర పోతున్నారు. సంతబొమ్మాళి మండలం నుంచి, టెక్కలి నుంచి, ఉద్దానం ఊళ్ళ నుంచి కేంద్ర ఉద్యోగాలకు వెళ్ళిన ఎస్సీ పిల్లల కాగితాలు కొన్నేళ్ళుగా చూస్తున్నాను. అదే చోట, అదే కాగితం దగ్గర ఆగిపోతున్నారు. అది కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఉండే కుల ధ్రువీకరణ పత్రం. ఒకే పేజీ. ఆ పేజీ ఇంగ్లీషులో ఉంటుంది. దాన్ని ఎలా నింపాలో చెప్పే లైన్లు అడుగున, చిన్న అక్షరాల్లో ఉంటాయి.

"ఇంగ్లీషు రాకపోతే ఎవరేం చేస్తారు?" అనే పెద్దమనుషులకు ముందు ఒక మాట. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ 2023లో మల్టీ టాస్కింగ్ స్టాఫ్ పరీక్షను తెలుగుతో సహా 13 ప్రాంతీయ భాషల్లో పెట్టడం మొదలుపెట్టింది. కేంద్ర బలగాల కానిస్టేబుల్ పరీక్ష 2024 నుంచి అలాగే జరుగుతోంది. అంటే ఈ ఉద్యోగానికి తెలుగులో ఆలోచించే మనిషి పనికొస్తాడని ప్రభుత్వమే ఒప్పుకుంది. ప్రశ్నపత్రం తెలుగులోకి వచ్చింది. నోటిఫికేషను, దాని వెనక అనుబంధాలు, కుల పత్రం నమూనా మాత్రం ఇంగ్లీషు, హిందీల దగ్గరే ఉండిపోయాయి. తలుపు తీసి గడప ఎత్తు పెంచితే దాన్ని ఆహ్వానం అనరు.

ఇంకో రకం పెద్దమనుషులు ఉన్నారు. 2019లో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం అంటే తెలుగు చచ్చిపోతుందని గుండెలు బాదుకున్నారు. ఆ జీవోలను 2020లో హైకోర్టు కొట్టేసినప్పుడు పండగ చేసుకున్నారు. ఇంగ్లీషు ఫారం ముందు మన పిల్ల తడబడినప్పుడు వీళ్ళలో ఒక్కరూ కనపడరు. మన మాట సూటిగా చెబుదాం. ఇంగ్లీషు చదువు మా హక్కు. ప్రభుత్వం ఇచ్చే సూచన మాకు అర్థమయ్యే భాషలో ఉండడమూ మా హక్కే. ఒకటి అడిగితే రెండోది వదులుకున్నట్టు కాదు.

హక్కు వచ్చేదాకా పిల్లలు ఆగరు, నోటిఫికేషన్లూ ఆగవు. కాబట్టి ఈ భాగంలో ఆ ఒక్క పేజీనే చదువుదాం.

మొదట, మన దగ్గర ఏ కాగితం ఉంటుంది? సచివాలయంలోనో మీసేవలోనో తీసుకునే కుల, స్థానికత, పుట్టిన తేదీ పత్రం. ఇది 1993 నాటి రాష్ట్ర చట్టం, 1997 నాటి నిబంధనల కింద వచ్చేది. రాష్ట్రంలో చదువుకూ ఉద్యోగానికీ ఇది సరిపోతుంది. కేంద్ర నోటిఫికేషను అడిగేది ఇది కాదు. "ఇన్ ది ప్రిస్క్రైబ్డ్ ఫార్మాట్" అని ఒక ముక్క ఉంటుంది. దాన్ని మనవాళ్ళు "కుల సర్టిఫికెట్ ఉండాలి" అని చదువుకుంటారు. దాని అర్థం "మేం ఇచ్చిన నమూనాలోనే ఉండాలి" అని. నాకు తెలిసిన ఒక తమ్ముడు రాష్ట్ర పత్రం పట్టుకుని ఒక నియామక సంస్థ టేబుల్ ముందు నిలబడ్డాడు. "ఏటి సార్, మా తాసిల్దారు సంతకం ఉంది కదా?" అని అడిగాడు. సంతకం నిజమే, కులం నిజమే, నమూనా వేరు. అతన్ని జనరల్ జాబితాలోకి నెట్టారు. ఎస్సీ కటాఫ్ దాటిన మార్కులు జనరల్ కటాఫ్ దాటలేదు. ఉద్యోగం పోయింది.

ఇలాంటి పట్టింపు ఒక్క గుమాస్తాది కాదు. 2025లో మోహిత్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు కూడా నమూనా వైపే నిలబడింది. అతను ఉత్తరప్రదేశ్ పోలీసు ఉద్యోగానికి వెళ్ళిన ఓబీసీ అభ్యర్థి. రాష్ట్ర నమూనా అడిగితే కేంద్ర నమూనాలో ఉన్న పత్రం ఇచ్చాడు. కోర్టు ఒప్పుకోలేదు. పుట్టుకతో వచ్చే కులాన్ని ఒక ఫారం ఆకారం ఓడించగలదన్న మాట. న్యాయమా అంటే కాదు. కానీ ఇవాళ పరిస్థితి ఇదే అని తెలిసి ఫారం పట్టుకోవాలి.

ఇప్పుడు ఆ పేజీ. పై నుంచి చదవకండి, అడుగు నుంచి చదవండి. అడుగున మూడు గుర్తులకు మూడు ఆజ్ఞలు, వాటి తర్వాత ఒక గమనిక ఉంటాయి. ఈ వ్యాసం పేరు వాటి గురించే.

మొదటి గుర్తు నక్షత్రం, *. "వర్తించని పదాలు డిలీట్ చేయండి" అని దాని ఆజ్ఞ. ఫోన్ అలవాటున్న మనకు డిలీట్ అంటే కనపడకుండా చెరపడం. ఇక్కడ అర్థం గీత కొట్టడం. శ్రీ/శ్రీమతి/కుమారి అని ఉన్నచోట మీకు చెందనివి కొట్టేయాలి. కొడుకు/కూతురు, ఊరు/పట్టణం, కులం/తెగ, షెడ్యూల్డ్ కులం/షెడ్యూల్డ్ తెగ, అన్నీ అంతే. కులం/తెగ దగ్గర గీత లేకపోతే ఆ కాగితం మీరు ఎస్సీనో ఎస్టీనో చెప్పనట్టే. వాలు గీత కనపడిన ప్రతిచోటా ఎంచుకోమని మనల్ని అడుగుతున్నారని గుర్తుపెట్టుకోండి.

రెండో గుర్తు @. "ఏ రాష్ట్రపతి ఉత్తర్వో ప్రత్యేకంగా చెప్పండి" అని. ఫారం మధ్యలో ఉత్తర్వుల పెద్ద జాబితా ఉంటుంది. 1950 షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు, 1950 షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వు, పుదుచ్చేరికి ఒకటి, గోవాకు ఒకటి, సిక్కింకు ఒకటి. చూసి భయపడి మనవాళ్ళు దాన్ని అలాగే వదిలేస్తారు. ఆంధ్రప్రదేశ్ ఎస్సీకి కావాల్సింది అందులో ఒక్కటే: రాజ్యాంగ (షెడ్యూల్డ్ కులాల) ఉత్తర్వు, 1950. అది ఉంచి, మనవి కాని ఉత్తర్వులు కొట్టించాలి.

మూడో గుర్తు %. "వర్తించని పేరా డిలీట్ చేయండి" అని. నక్షత్రం పదానికి, శాతం గుర్తు పేరాకు. ఎక్కువ మంది మునిగేది ఇక్కడే. రెండో పేరా వలస వెళ్ళినవాళ్ళకు. మూడో పేరా నివాసం గురించి. రెండో పేరాలో ఖాళీలు చూసి నెట్ సెంటర్‌లో ఏదో ఒకటి నింపేస్తారు, లేదా ఖాళీగా వదిలేస్తారు. రెండూ ప్రమాదమే. ఖాళీగా ఉన్న, గీత లేని వలస పేరా చూసిన అధికారి "వలస వచ్చారా? మీ నాన్న పత్రం ఏదీ?" అని అడుగుతాడు.

అసలు ఫారంలో "మైగ్రేటెడ్" అన్నది మన వలస కాదు. ఉద్దానంలో వలస అంటే నాన్న హైదరాబాదులో సెంట్రింగ్ పనికి, చెన్నైలో రొయ్యల కంపెనీకి, ఏడాదిలో కొన్ని నెలలు వెళ్ళి రావడం. ఫారం అడిగేది వేరు. ఒక రాష్ట్రం వదిలి ఇంకో రాష్ట్రంలో స్థిరపడి, ఆ కొత్త రాష్ట్రంలో అమ్మ పత్రమో నాన్న పత్రమో ఆధారంగా చూపి మీ పత్రం తీసుకుంటున్నారా అన్నది ప్రశ్న. పనికెళ్ళి పండక్కి ఊరొచ్చే కుటుంబం రెండో పేరా కొట్టేయాలి.

మరి స్థిరపడడాన్ని ఎలా కొలుస్తారు? దానికి అడుగున నాలుగో లైను ఉంది. "ఆర్డినరిలీ రిసైడ్స్" అన్న మాటకు 1950 ప్రజా ప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్‌లో ఉన్న అర్థమే ఇక్కడా అని. ఓటరు జాబితా చట్టం అది. ఆ సెక్షన్ మన బతుకుకు అతికినట్టుండే రెండు మాటలు చెబుతుంది. ఒక చోట ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడి నివాసి అయిపోరు. మామూలుగా ఉండే చోటు నుంచి తాత్కాలికంగా దూరంగా ఉన్నంత మాత్రాన ఆ నివాసం పోదు. ఆర్డినరిలీ అంటే "ప్రస్తుతం" కాదు, "సాధారణంగా, స్థిరంగా" అని.

ఒక చెల్లి ఫారం తీసుకుని ఇదంతా వరుసగా చూద్దాం. సొంతూరు మన మండలంలోనే. రేషన్ కార్డు, ఓటు అక్కడే. ఇంటర్ టెక్కలిలో చదివింది. అమ్మానాన్నలు హైదరాబాదు కట్టుబడి పనుల్లో ఏడాదికి ఏడెనిమిది నెలలు ఉంటారు. గ్యాస్ కనెక్షన్ కోసం అక్కడి చిరునామాతో ఆధార్ మార్చుకున్నారు. నెట్ సెంటర్ కుర్రాడు ఆధార్ చూసి టైప్ చేశాడు. మొదటి పేరాలో మన ఊరు, ఆంధ్రప్రదేశ్. రెండో పేరా ఖాళీ, గీత లేదు. మూడో పేరాలో హైదరాబాదు, తెలంగాణ. సంతకం ఆంధ్రప్రదేశ్ తహసీల్దార్‌ది.

బయటి మనిషిలా ఆ కాగితం చదవండి. మొదటి పేరా "ఈమె ఆంధ్రప్రదేశ్ ఊరి మనిషి" అంటోంది. మూడోది "కుటుంబం తెలంగాణలో స్థిరంగా ఉంటోంది" అంటోంది. అలాగైతే వలస పేరా నిండి ఉండాలి, సంతకం తెలంగాణ అధికారిది కావాలి. మూడు ముక్కలూ ఒకదాన్నొకటి కాదంటున్నాయి. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు, కాగితం మాత్రం చెల్లదు. కాగితాల పరిశీలనలో అదే పట్టుకున్నారు, సరిచేసి తెమ్మని గడువిచ్చారు. ఏం చేశాం? మొదటి పేరా అలాగే. రెండో పేరా మొత్తం గీత కొట్టించాం. మూడో పేరాలో సొంతూరు రాయించి, రుజువుగా ఓటరు జాబితా, రేషన్ కార్డు పెట్టాం. నాన్న నాలుగు రోజుల కూలి పోగొట్టుకుని వచ్చాడు. గడువులోపల ఇచ్చాం, ఒప్పుకున్నారు.

అదే కుటుంబం నిజంగానే హైదరాబాదులో స్థిరపడి, ఓటు అక్కడికి మార్చుకుని ఉంటే ఫారం తిరగబడేది. రెండో పేరా ఉంచి, నాన్నకు ఆంధ్రప్రదేశ్‌లో ఇచ్చిన పత్రం వివరాలు, ఇచ్చిన అధికారి, తేదీ నింపాలి. మూడో పేరాలో తెలంగాణ చిరునామా, తెలంగాణ తహసీల్దార్ సంతకం. ఇది కేంద్ర ఉద్యోగాలకు పనికొస్తుంది. తెలంగాణ రాష్ట్ర కోటాకు పనికిరాదు. ఎందుకంటే రాజ్యాంగం 341, 342 అధికరణాలు ఎస్సీ, ఎస్టీలను "ఆ రాష్ట్రానికి సంబంధించి" గుర్తిస్తాయి. ఆ చిన్న మాట బరువు మొదట మోసినవాడు ఒక తెలుగు విద్యార్థే. మర్రి చంద్రశేఖరరావు తెనాలిలో పుట్టి బొంబాయిలో పెరిగాడు. ఆంధ్రప్రదేశ్ జాబితాలో ఎస్టీ. బొంబాయి మెడికల్ కాలేజీలో ఎస్టీ సీటు అడిగితే 1990లో సుప్రీంకోర్టు కాదంది. 2018లో బీర్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం కూడా అదే గీత గీసింది.

సరిహద్దు ఆడపిల్లల సంగతి వేరే చెప్పాలి. ఇచ్ఛాపురం, మందస వైపు ఒడిశా నుంచి కోడళ్ళు వస్తారు. ఫారంలో "సన్/డాటర్ ఆఫ్" అని ఉంటుంది, భార్య అన్న మాట ఉండదు. అది అచ్చుతప్పు కాదు. కులం పుట్టుకతో, పెళ్ళితో రాదు. పెళ్ళైన అమ్మాయి కూడా తండ్రి పేరే రాయాలి. పుట్టినూరు ఒడిశా అయితే ఆమెను గుర్తించేది ఒడిశా జాబితా, అత్తింటి జాబితా కాదు. పానో అన్న పేరు రెండు జాబితాల్లోనూ ఉన్నా సరే. ఆమెకు వలస పేరా వర్తిస్తుంది. ఇక్కడ భర్త పేరు రాస్తే కాగితం మొత్తం తప్పుదారి పడుతుంది.

ఇక సంతకం. అధికారుల జాబితాలో "నాట్ బిలో ది ర్యాంక్ ఆఫ్ తహసీల్దార్" అని రెవెన్యూ అధికారుల గురించి ఉంటుంది. మనవాళ్ళ కంటికి "బిలో" ఒక్కటే కనపడుతుంది, కింది అధికారి చాలనుకుంటారు. ముందు "నాట్" ఉంది. తహసీల్దార్ కంటే తక్కువ కాకూడదు. తహసీల్దార్ నుంచి పైకి ఎవరైనా సరే. వీఆర్వో విచారణ నివేదిక ఇవ్వగలడు, ఈ పత్రం మీద సంతకం చేయలేడు. సంతకం కింద హోదా, కార్యాలయ ముద్ర, స్థలం, తేదీ చూసుకునే బయటికి రండి. నోటిఫికేషన్‌లో "ఆన్ ఆర్ బిఫోర్" అన్న తేదీ ఉంటే, పత్రం మీద వేసిన తేదీ ఆ రోజుదో అంతకు ముందుదో కావాలి. మీరు అప్‌లోడ్ చేసిన రోజు కాదు, అధికారి పత్రం ఇచ్చిన రోజు. దరఖాస్తు పెట్టిన వారమే ఈ పత్రానికి తిరగడం మొదలుపెట్టండి. ఫలితాలు వచ్చాక కాదు.

ఇదంతా ఒక్కడూ కూర్చుని డిక్షనరీతో చదివితే పట్టుబడదు. ఇందులో కష్టమైన మాటలు లేవు. డిలీట్, బిలో, ఆర్డినరిలీ, మైగ్రేటెడ్ అందరికీ తెలిసినవే. తెలిసిన మాటలే మోసం చేస్తాయి, తెలియని మాటనైతే అడుగుతాం. అందుకే హాస్టల్‌లో మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఇద్దరు కూర్చుంటారు. ఒకే లైను ఇద్దరూ విడిగా చదివి, కాగితం మూసేసి, తెలుగులో నాలుగు ప్రశ్నలకు జవాబు రాస్తారు. ఈ పని ఎవరు చేయాలి? ఏం చేయాలి? ఏ తేదీలోపు? చేయకపోతే ఏమవుతుంది? రెండు జవాబులూ కలిస్తే ముందుకు. కలవని చోటే ప్రమాదం ఉన్న లైను. ఆ లైను ఒక్కటీ పట్టుకుని తెలిసినవాళ్ళ దగ్గరికి వెళ్తారు. "ఈ ఫారం చెప్పండి సార్" అంటే ఎవరూ చెప్పరు, "ఈ లైనులో నాట్ దేనికి వర్తిస్తుంది?" అంటే చెబుతారు.

నెట్ సెంటర్ కుర్రాణ్ణి తిట్టి లాభం లేదు. అతను టైపు చేయడానికి డబ్బు తీసుకుంటాడు, చదవడానికి కాదు. గీతలు ఎక్కడ కొట్టాలో పెన్సిల్‌తో గుర్తు పెట్టిన కాగితం అతని ముందు పెట్టండి. ఆధార్ మాత్రం ఇచ్చి "నింపీ బావూ" అనకండి.

టేబుల్ దగ్గర కాగితం తోసేస్తే నోటిమాటతో వెనక్కి రాకండి. కారణం రాసిమ్మనండి, గడువు అడగండి. మీ అర్జీ మీకు వచ్చిన భాషలోనే రాయండి. రాజ్యాంగం 350వ అధికరణం ఆ హక్కు ఇచ్చింది: కష్టం చెప్పుకునే అర్జీని కేంద్రంలోగానీ రాష్ట్రంలోగానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా ఇవ్వొచ్చు. తెలుగు అర్జీ తీసుకోననే అధికారికి ఆ అంకె చూపించండి.

ఇప్పుడు అడగాల్సింది. ఈ నమూనా ప్రతి ఇంగ్లీషు లైను కిందా తెలుగు లైనుతో అచ్చు కావాలి. అడుగున ఉన్న నాలుగు లైన్లు పైకి రావాలి. సాధ్యం కాదంటే మన మండలాన్నే చూపిద్దాం. పెద్ద ప్రాజెక్టు వస్తే పర్యావరణ నివేదిక సారాంశం స్థానిక భాషలో ఉండాలని, బహిరంగ విచారణ చివర నమోదు చేసినదాన్ని స్థానిక భాషలో జనానికి వివరించాలని 2006 నోటిఫికేషన్‌లోనే ఉంది. కాకరాపల్లి థర్మల్ ప్లాంటు మీద 2011 ఫిబ్రవరి 28న కాల్పుల్లో మనుషులు చనిపోయిన మండలం ఇది. ఇంగ్లీషు కాగితాల్లో చిత్తడి నేల ఏ పేరుతో మారిపోతుందో ఇక్కడివాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2020లో కేంద్రం కొత్త ముసాయిదాను ఇంగ్లీషు, హిందీల్లోనే వదిలితే, ఎనిమిదో షెడ్యూలులోని భాషలన్నిటిలోకి తేవాలని ఢిల్లీ హైకోర్టు జూన్ 30న ఆదేశించింది. అంత పెద్ద వ్యవహారానికే తెలుగు అడగొచ్చని కోర్టు ఒప్పుకున్నప్పుడు ఒక్క పేజీ కుల పత్రానికి అడ్డేమిటి?

అడ్డు ఒక్కటే. ఆ పేజీ ముందు ఆగిపోయేవాళ్ళు ఎవరో వాళ్ళకు తెలుసు. ఖాళీగా మిగిలిన ఎస్సీ పోస్టుల గురించి "అర్హులు దొరకలేదు" అని రాసుకోవడం తేలిక. అర్హులు దొరికారు, వాళ్ళ కాగితం మీద ఒక గీత తక్కువైంది.

మీ హాస్టల్‌లో, మీ సంఘంలో ఈ నమూనా ఒకటి ప్రింటు తీసి గోడకు అంటించండి. కొట్టాల్సిన చోట ఎర్ర సిరాతో కొట్టి పెట్టండి. ఒడిశా, తెలంగాణ కేసులు మీ దగ్గరికి వచ్చినవి ఉంటే, పేర్లు లేకుండా, ఏ పేరా దగ్గర ఆగిందో కామెంట్లలో రాయండి. వచ్చే భాగంలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ నమూనా చూద్దాం, మత్స్యకార తమ్ముళ్ళు అడుగుతున్నారు.

జై భీమ్.